పోటీవాడు మన పైనున్నాడా, మనమే అక్కడ లేమా? ఒక అనంతపురం సోలార్ ఖాతాలో ఆక్షన్ ఇన్‌సైట్స్ చదివిన తీరు

నేపథ్యం

అనంతపురంలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న సంస్థ గూగుల్ యాడ్స్ ఖాతా ఇది. ఓనరు, ఇద్దరు టెక్నీషియన్లు, ఫోన్లు ఎత్తే ఒక అమ్మాయి, అంతే మనుషులు. అనంతపురంతో పాటు గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం వరకూ వెళ్లి పని చేస్తారు. సంస్థ పేరు, నెలల పేర్లు రాయడం లేదు. అంకెల్ని గుండ్రంగా చేశాను గానీ వాటి మధ్య లెక్క తప్పకుండా చూసుకున్నాను.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం మొదలయ్యాక ఈ వ్యాపారం స్వరూపమే మారింది. ఇంటి మీద 3 కిలోవాట్ల సిస్టమ్ పెట్టుకుంటే కేంద్రం నుంచి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దాంతో సోలార్ గురించి ఫోన్లో వెతికేవాళ్లు పెరిగారు, అమ్మేవాళ్లూ పెరిగారు. మన ఓనరు రోజుకు 500 రూపాయలు గూగుల్‌లో పెడతాడు, అంటే నెలకు 15,000. జాతీయ కంపెనీల ముందు ఇది చిల్లర డబ్బు. కానీ ఆయనకు వచ్చే పనిలో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తోంది.

సమస్య ఎలా వచ్చింది

ఒక్కో ఎంక్వైరీకి 250 రూపాయలు పడేది, కొన్ని నెలల్లో 400 దాటింది. ఇంప్రెషన్ షేర్ 58 శాతం నుంచి 37కి పడింది. అంటే మన యాడ్ కనిపించే అర్హత ఉన్న ప్రతి 100 వెతుకులాటల్లో 58 సార్లు కనిపించేది ఇప్పుడు 37 సార్లే కనిపిస్తోంది.

కారణం ఏమిటో ఓనరు అప్పటికే తేల్చుకుని వచ్చాడు. ఊళ్లో కొత్తగా ఇదే వ్యాపారం మొదలుపెట్టినాయన ఒకరున్నారు. ఇక్కడ ఆయన్ని ‘లోకల్’ అంటాను. ఓనరు తన ఫోన్లో ఎప్పుడు వెతికినా లోకల్ యాడే పైన ఉంటోంది. “ఎప్పుడు చూసినా వాందే పైన కనపడతాంది సార్. ఎంతయినా పర్లేదు, వాన్ని కిందికి దించాల” అన్నాడు.

సొంత ఫోన్లో వెతికి చూసుకోవడం చాలామంది ఓనర్ల అలవాటే. ఆయన కూర్చునేది ఒక్క చోట, వెతికేది ఒకే రకం మాట. పైగా తన యాడ్ మీద తాను నొక్కడు కాబట్టి, కనిపించినా క్లిక్ పడని యాడ్‌గా అది లెక్కలోకి వెళుతుంది. చూడాలనుకుంటే ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ టూల్ ఉంది, దాంతో లెక్కలు చెడవు. అయితే ఆ టూల్ కూడా ఒక్క క్షణంలో ఒక్క పేజీనే చూపిస్తుంది. నెల మొత్తంలో ఏం జరిగిందో తెలియాలంటే, మనకు అర్హత ఉన్న వెతుకులాటల్లో ఇంకెవరి యాడ్‌లు ఎంత కనిపించాయో చూపే ఆక్షన్ ఇన్‌సైట్స్ రిపోర్టు తెరవాల్సిందే.

పోటీదారుల జాబితాకు ముందు చూసింది

నేను ఆ రిపోర్టును ముందుగా తెరవను. మన వాటా ఎక్కడ పోతోందో మొదట చూస్తాను. ఎవరైనా వెతికిన ప్రతిసారీ గూగుల్ ఒక వేలం నడిపి, క్లిక్‌కు మనం ఇస్తామన్న బిడ్‌నూ యాడ్ నాణ్యతనూ కలిపి చూసి ర్యాంక్ ఇస్తుంది. వాటా పోయే దారులు రెండే. బడ్జెట్ సరిపోక యాడ్ వేలంలోకి వెళ్లకపోవడం ఒకటి, వెళ్లినా ర్యాంక్ చాలక కనిపించకపోవడం రెండోది. ఖాతాలో ఈ రెండింటికీ వేర్వేరు కాలమ్‌లు ఉంటాయి.

బాగున్న నెలలో 58 కనిపించాం, ర్యాంక్ వల్ల 24, బడ్జెట్ వల్ల 18 పోయాయి. ఇప్పుడు 37 కనిపిస్తున్నాం, ర్యాంక్ వల్ల 44, బడ్జెట్ వల్ల 19 పోతున్నాయి. బడ్జెట్ వాటా దాదాపు అలాగే ఉంది, ర్యాంక్ వాటానే పెరిగింది. ఇంతవరకే చూస్తే ఓనరు చెప్పింది నిజమేననిపిస్తుంది. ఎవడో వచ్చాడు, మనల్ని తోసేశాడు.

అక్కడ ఆగకుండా మామూలు ఇంప్రెషన్ల కాలమ్, అంటే యాడ్ మొత్తం ఎన్నిసార్లు కనిపించిందో చెప్పేది, చూశాను. బాగున్న నెలలో 5,800. ఇప్పుడు 5,920. తగ్గనే లేదు!

వాటా 58 నుంచి 37కి పడి, ఇంప్రెషన్లు మాత్రం అలాగే ఉన్నాయంటే లెక్క ఒక్కటే. కింద భాగించే అంకె పెరిగింది. 5,800ను 58 శాతంతో భాగిస్తే అర్హత ఉన్న వెతుకులాటలు 10,000 వస్తాయి. 5,920ను 37 శాతంతో భాగిస్తే 16,000. మనం పాల్గొంటున్న వేలాలు 6,000 పెరిగాయి, మొత్తం మీద ఇంప్రెషన్లు పెరిగింది మాత్రం 120. వాటా ఇంతగా పడడానికి ముఖ్య కారణం ఎవరో లాక్కోవడం కాదు. గెలవలేని చోట్లకు మనమే వెళ్లాం.

ఎందుకు వెళ్లామో ఛేంజ్ హిస్టరీలో దొరికింది. ఖాతాలో సూచనలు వాటంతటవే అమలయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. ఎవరు ఆన్ చేశారో ఓనరుకూ గుర్తు లేదు. దాని ద్వారా పాత కీవర్డ్‌లకు, కాస్త సంబంధం ఉన్న వెతుకులాటలకూ యాడ్‌ను పంపే బ్రాడ్ మ్యాచ్ రూపాలు చేరాయి. “solar rooftop anantapur” లాంటి వాటి పక్కనే సబ్సిడీ స్టేటస్, పోర్టల్ లాగిన్, సోలార్ హీటర్, పొలానికి సోలార్ ఫెన్సింగ్ లాంటి వెతుకులాటలకూ యాడ్ వెళుతోంది. సెర్చ్ టర్మ్స్ రిపోర్టు నిండా అవే.

జాబితా చదవడం

ఇప్పుడు ఆక్షన్ ఇన్‌సైట్స్. మొత్తం ఖాతా మీద మూడు పేర్లే లెక్కలోకి తీసుకున్నాను. ఒకటి జాతీయ స్థాయి సోలార్ కంపెనీ, దాన్ని ‘పెద్దది’ అంటాను. రెండోది అన్ని వ్యాపారాల నంబర్లూ చూపించే డైరెక్టరీ సైట్. మూడోది లోకల్.

ఓనరు జాబితా చూసి రెండు విషయాల దగ్గర ఆగాడు. లోకల్ ఎదురుగా ఇంప్రెషన్ షేర్ 10 శాతం కంటే తక్కువ అని ఉంది. ఈ రిపోర్టు అంతకన్నా చిన్న వాటాలను అంకెతో చూపించదు. “రోజూ కనపడేవానికి పది కూడా లేదా? ఇది తప్పు” అన్నాడు. రెండోది, పెద్దదాని వరసలో ఔట్‌ర్యాంకింగ్ షేర్ 23. “నూటికి 77 సార్లు వాళ్లే గెలుస్తాండారు” అని ఆయన అర్థం చేసుకున్నాడు. చాలామంది అలాగే చదువుతారు కాబట్టి, ఈ 23ని విప్పి చూపించాలి.

పెద్దదాని వరసలో ఓవర్‌ల్యాప్ రేట్ 55, పొజిషన్ అబౌవ్ రేట్ 70. మొదటిది మన యాడ్ కనిపించిన సందర్భాల్లో వాళ్లదీ కనిపించిన శాతం. రెండోది అలా ఇద్దరూ కనిపించినప్పుడు వాళ్లు మనకన్నా పైనున్న శాతం. రెండూ వేర్వేరు మొత్తాల మీద తీసిన శాతాలు, అన్నీ 100లోంచే అనుకుంటే తప్పుదారి పడతాం.

100 వేలాలు అనుకుందాం. మనం కనిపించింది 37. అందులో 55 శాతం, అంటే దాదాపు 20 చోట్ల పెద్దది కూడా ఉంది. ఆ 20లో 70 శాతం, అంటే 14 చోట్ల వాళ్లు మన పైన ఉన్నారు. మిగతా 6 చోట్ల మనం పైన. పెద్దది అసలు లేని 17 చోట్లా మనమే ఉన్నాం. ఆరూ పదిహేడూ కలిస్తే 23. ఔట్‌ర్యాంకింగ్ షేర్ అంటే ఇదే: వాళ్ల పైన ఉన్నవీ, వాళ్లు లేకుండా మనం కనిపించినవీ కలిపి, మనం పాల్గొన్న మొత్తం వేలాల మీద తీసిన శాతం.

```
37 × (1 − 0.55 × 0.70) ≈ 23
```

అంటే మనకు పోయిన 77లో పెద్దది మన నెత్తిన కూర్చున్నవి 14. మిగతా 63 చోట్ల మన యాడ్ కనిపించనే లేదు. పెద్ద కంపెనీ రేపే అనంతపురం వదిలి వెళ్లిపోయినా, మన ఇంప్రెషన్ షేర్ 37 దగ్గరే ఉంటే ఈ అంకె 37 దాటదు. వాళ్లు వెళితే కొన్ని చోట్ల మన ర్యాంక్ సరిపోయి వాటా కాస్త పెరగొచ్చు, నిజమే. కానీ ర్యాంక్ వల్ల పోవడమంటే ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఓడిపోవడం కాదు. యాడ్ ర్యాంక్‌కు కనీస హద్దు ఉంటుంది, దాన్ని దాటకపోతే పక్కన పోటీ లేకపోయినా యాడ్ రాదు. సోలార్ ఫెన్సింగ్ వెతికినవాడికి రూఫ్‌టాప్ యాడ్ పెట్టి, హద్దు దాటాలంటే బిడ్ చాలా పెంచాలి. పెంచి గెలిచినా ఆ క్లిక్ మనకెందుకు?

ఇంకో సంగతి కూడా ఓనరుకు ముందే చెప్పాను. రిపోర్టులో పోటీదారు వాటాగా కనిపించేది వాళ్ల మొత్తం వ్యాపారంలోని వాటా కాదు. మనకు అర్హత ఉన్న వేలాల్లో వాళ్లెంత ఉన్నారన్నదే. మన కీవర్డ్‌లు మారితే వాళ్లేమీ చేయకపోయినా వాళ్ల అంకెలు మారతాయి. వాళ్ల బిడ్, బడ్జెట్ ఎంతో ఈ రిపోర్టు చెప్పదు.

కీవర్డ్‌లను మూడు గుంపులు చేస్తే

ఖాతా మొత్తం మీద తీసిన సగటు ఎవరి కథా సరిగా చెప్పదు. కాబట్టి కీవర్డ్‌లను మూడు గుంపులుగా పెట్టుకుని, ఒక్కో గుంపును టిక్ చేసి ఆక్షన్ ఇన్‌సైట్స్ విడిగా తీశాను. ఊరి పేరుతోనో ‘దగ్గర్లో’ అనో వెతికేవి ఒక గుంపు. “3kw solar price” లాంటి ధరల వెతుకులాటలు రెండోది. సబ్సిడీ సమాచారం మూడోది.

పక్కనే ఫోన్లు ఎత్తే అమ్మాయి నోట్‌బుక్ పెట్టుకుని, ఏ కాల్ అమ్మకం దాకా వెళ్లిందో సరిచూశాం. కన్వర్షన్ ట్రాకింగ్ కాల్ వచ్చిన సంగతి చెబుతుంది గానీ ప్యానెల్ ఇంటి మీదికి ఎక్కిందో లేదో చెప్పదు. ఆ నెల 15,000లో ఊరి పేరు గుంపు మీద 5,000 ఖర్చయింది, 18 ఎంక్వైరీలు, 4 అమ్మకాలు. ధరల గుంపు మీద 7,000, ఎంక్వైరీలు 14, అమ్మకం ఒకటి. సబ్సిడీ గుంపు మీద 3,000, ఎంక్వైరీలు 5, అమ్మకం సున్నా. ఆ ఐదుగురిలో ఎక్కువమంది వేరే చోట ఇప్పటికే దరఖాస్తు పెట్టుకుని, సబ్సిడీ డబ్బు ఎప్పుడు పడుతుందని అడగడానికి ఫోన్ చేసినవాళ్లు.

ఊరి పేరు గుంపులో రిపోర్టు తెరవగానే లోకల్ కథ బయటపడింది. ఇక్కడ అతని ఇంప్రెషన్ షేర్ 52. నెలకు 2,500 వెతుకులాటలున్న ఈ గుంపులో అది దాదాపు 1,300 సార్లు. ఖాతా మొత్తం 16,000 మీద భాగిస్తే 8 శాతం, అందుకే పై జాబితాలో 10 కంటే తక్కువని పడింది. ఓనరు ఫోను అబద్ధం చెప్పలేదు, రిపోర్టూ అబద్ధం చెప్పలేదు. ఈ గుంపులో మన వాటా గతంలో 71, ఇప్పుడు 54. వారాల వారీగా విడగొట్టి చూస్తే అతని పేరు మొదట కనిపించిన వారం నుంచే మనది దిగడం మొదలైంది. ఇది నిజమైన పోటీ.

పెద్ద కంపెనీ బలమంతా రెండో, మూడో గుంపుల్లో ఉంది. ఊరి పేరు గుంపులో దాని ఊసు తక్కువ. డైరెక్టరీ సైట్ అన్ని గుంపుల్లోనూ ఉంది, ఇద్దరూ కనిపించినప్పుడు చాలాసార్లు మన కిందే. దాన్ని వదిలేయాలని అప్పుడే తేల్చేశాను. ఆ సైట్ ఊళ్లోని ప్రతి వ్యాపారం మీదా యాడ్ వేస్తుంది, మనల్ని చూసి అది బిడ్ మార్చుకోదు.

బిడ్ పెంచి చూశాం, పనిచేయలేదు

ఖాతాను విడగొట్టే పని ముందు చేద్దామని నా ఆలోచన. ఓనరు ఆగలేదు. “ముందు వాని సంగతి చూడండి సార్” అన్నాడు. నేను ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఊరి పేరు గుంపులో పోటీ నిజం, లోకల్ ఎంత గట్టిగా నిలబడతాడో తెలుసుకోవడానికి కొంత డబ్బు పెట్టడం వృథా కాదు. అయితే షరతులు ముందే రాసుకున్నాం. ఆ ఒక్క యాడ్ గ్రూపులోనే పెంచాలి, క్లిక్‌కు 45 దాటకూడదు, అనుకున్న గడువులో ఎంక్వైరీలు పెరగకపోతే వెనక్కి రావాలి.

క్లిక్ ధర సగటున 24 నుంచి 41కి చేరింది. మొదటి వారం లోకల్ పొజిషన్ అబౌవ్ రేట్ 65 నుంచి 38కి పడింది. ఓనరు ఫోన్లో మన యాడ్ పైకి వచ్చింది, ఆయన సంతోషానికి అంతులేదు. తర్వాతి వారం ఆ అంకె మళ్లీ 57కి ఎక్కింది. లోకల్ పంతానికి పోయాడని ఓనరు అన్నాడు. అయ్యుండొచ్చు. అతను ఆటోమేటిక్ బిడ్డింగ్ వాడుతుంటే మనిషి ప్రమేయం లేకుండానే ఇలా జరుగుతుంది. ఏదైనా మనకు మిగిలింది 41 రూపాయల క్లిక్కే.

అసలు దెబ్బ అది కాదు. ఆ గుంపులో ర్యాంక్ వల్ల పోయేది 28 నుంచి 15కి తగ్గింది, అనుకున్నట్టే. కానీ ఇంప్రెషన్ షేర్ 54 నుంచి 46కి పడిపోయింది. బడ్జెట్ వల్ల పోయే వాటాను గూగుల్ క్యాంపెయిన్ స్థాయిలోనే చూపిస్తుంది, యాడ్ గ్రూపుకు ఇవ్వదు. కానీ తీసివేతతో తెలిసిపోతుంది. ముందు 54కు 28 కలిపితే 82, మిగిలిన 18 బడ్జెట్‌వి. ఇప్పుడు 46కు 15 కలిపితే 61, మిగిలింది 39.

రోజుకు 500 మారలేదు, క్లిక్ ధర పెరిగింది, కాబట్టి దొరికే క్లిక్‌లు తగ్గాయి. గూగుల్ బడ్జెట్‌ను రోజంతా పరిచి వాడుతుంది, పొద్దున్నే ఖర్చు చేసి సాయంత్రం ఆపేయదు. మధ్యమధ్యలో యాడ్‌ను వేలానికి పంపకుండా నెట్టుకొస్తుంది. అందుకే ఓనరు వెతికినప్పుడు మన యాడ్ పైనే కనిపించింది, కనిపించకుండా పోయిన చోట్లు ఆయనకు తెలియలేదు. ఎంక్వైరీలు పెరగలేదు, కొద్దిగా తగ్గాయి. రాసుకున్న షరతు ప్రకారం పాత బిడ్‌కు వచ్చేశాం.

బడ్జెట్ వల్ల వాటా పోతున్న చోట బిడ్ పెంచితే ఇలాగే అవుతుంది. పైగా ఆ బడ్జెట్‌ను తినేస్తున్నది లోకల్ కాదు. ఫెన్సింగ్, హీటర్, స్టేటస్ వెతుకులాటలు.

ఎక్కడ నిలబడాలి, ఎక్కడ తప్పుకోవాలి

పెద్దదాని నుంచి తప్పుకుందామని చెప్పినప్పుడు ఓనరుకు నచ్చలేదు. ధరల గుంపులోనే ఎక్కువమంది వెతుకుతారు కదా అన్నాడు. నిజమే, కానీ అక్కడ 7,000కు ఒక అమ్మకం వచ్చింది, ఊరి పేరు గుంపులో 5,000కు నాలుగు. ధర వెతికేవాడు నాలుగు సైట్లు పోల్చి, లోను సంగతి చూసి, నెల తర్వాత తేల్చుకుంటాడు. ఆ నెలంతా అతని వెంట పడగల స్తోమత పెద్ద కంపెనీకి ఉంది. ఒక్కో కస్టమర్ మీద వాళ్లకు ఎంత మిగులుతుందో మనకు తెలియదు, వాళ్లు ఎంతదాకా పెంచగలరో కూడా తెలియదు. ఆ లోతు తెలియకుండా వాళ్లతో బిడ్‌ల పోటీ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

లోకల్ సంగతి వేరు. అతనూ మనలాంటి చిన్న బడ్జెట్ మనిషే. రోజుల వారీగా విడగొడితే ఆదివారాల్లో అతని పేరు జాబితాలో రాలేదు. అందులోనూ ఊరి పేరు గుంపే మనకు అన్నం పెట్టేది. ఇక్కడ నిలబడాలి. కాకపోతే బిడ్‌తో కాదు.

ఆటో-అప్లై ఆపేశాం, బ్రాడ్ మ్యాచ్ కీవర్డ్‌లను పాజ్ చేశాం. status, login, fencing, heater, pump, jobs లాంటి మాటలున్న వెతుకులాటలకు యాడ్ వెళ్లకుండా వాటిని నెగెటివ్ కీవర్డ్‌లుగా పెట్టాం. తర్వాత ఖాతాను రెండు క్యాంపెయిన్లు చేశాను. అనంతపురం పట్టణానికి ఒకటి, రోజుకు 300. అందులో ఊరి పేరు కీవర్డ్‌లు మాత్రమే. గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం కలిపి రెండోది, రోజుకు 200. అందులో ఊళ్ల పేర్లతో పాటు కొన్ని ధరల కీవర్డ్‌లు కూడా ఉంచాను.

ఇలా విడగొట్టడానికి బడ్జెట్ ఒక కారణం. రెండో కారణం, ఆక్షన్ ఇన్‌సైట్స్‌ను సమయం వారీగా, డివైస్ వారీగా విడగొట్టవచ్చు గానీ ఊళ్ల వారీగా విడగొట్టలేం. ఊరు తెలియాలంటే క్యాంపెయినే వేరుగా ఉండాలి. అలాగని నాలుగు ఊళ్లకు నాలుగు చేస్తే వెతుకులాటలు మరీ తక్కువై రిపోర్టులో ఏమీ రాదు. అందుకే రెండు. లొకేషన్ సెట్టింగ్‌లో ఆ ఊళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లందరూ కాకుండా అక్కడ ఉన్నవాళ్లకే అని మార్చాం. అమెరికాలో ఉంటూ ధర్మవరంలో అమ్మానాన్నల ఇంటికి సోలార్ పెట్టించే పిల్లలు ఈ దెబ్బకు పోతారని ఓనరు గుర్తు చేశాడు. మంచి మాటే, కానీ అలాంటి ఎంక్వైరీ నోట్‌బుక్‌లో ఒక్కటీ లేదు.

విడగొట్టిన తర్వాత వచ్చిన మొదటి రిపోర్టులోనే కావలసింది దొరికింది. అనంతపురం క్యాంపెయిన్లో లోకల్ వాటా 68. మిగతా మూడు ఊళ్ల క్యాంపెయిన్లో అతని పేరే లేదు.

ఇక ర్యాంక్. బిడ్ పెంచకుండా ర్యాంక్ పెరగాలంటే యాడ్ నాణ్యత పెరగాలి. ముఖ్యమైన కీవర్డ్‌లకు ల్యాండింగ్ పేజీ అనుభవం సగటు కంటే తక్కువని క్వాలిటీ స్కోర్ వివరాల్లో ఉంది. యాడ్ నొక్కితే హోమ్ పేజీకి వెళుతోంది. అది ఇంగ్లీషులో, బరువైన ఫోటోలతో, ఫోన్లో మెల్లగా తెరుచుకుంటోంది. తెలుగులో ఒక చిన్న పేజీ చేయించాం. 3 కిలోవాట్లకు ధర, సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది, ఫోన్ బటన్ మొదటి తెరలోనే పెట్టాం.

యాడ్ రాసేముందు యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో లోకల్ యాడ్‌లు చూశాను. అన్నీ తగ్గింపు ధర మీదే. ఆ ధరతో మనం పోటీ పడలేదు. నెట్ మీటర్ కాగితాలు, డిస్కం ఆఫీసు పని, పోర్టల్‌లో దరఖాస్తు అన్నీ మేమే చూసుకుంటామని రాశాం. నోట్‌బుక్‌లో కొన్నవాళ్లు ఎక్కువగా అడిగినవి అవే ప్రశ్నలు. యాడ్‌తో పాటు ఫోన్ నంబరు, అడ్రసు కనిపించేలా కాల్ అసెట్, లొకేషన్ అసెట్ కూడా చేర్చాం. ఆదివారం ఫోన్ ఓనరు కొడుకు ఎత్తాలని ఒప్పందం. లోకల్ లేని రోజు మన ఫోన్ మోగి ఎవరూ ఎత్తకపోతే ఆ వాటా ఎందుకూ కొరగాదు.

ఏం మారింది

పోలిక సరిగా ఉండాలని, రెండు క్యాంపెయిన్లలోంచీ పాత ఊరి పేరు కీవర్డ్‌లనే టిక్ చేసి చూశాను. ఇంప్రెషన్ షేర్ 54 నుంచి 78కి వచ్చింది. ర్యాంక్ వల్ల పోయేది 28 నుంచి 20, బడ్జెట్ వల్ల 18 నుంచి 2. పెరిగిన 24లో 16 బడ్జెట్ సర్దడం వల్లే వచ్చాయి. క్లిక్ ధర 26.

లోకల్ వరసలో ఓవర్‌ల్యాప్ 60 నుంచి 58, పొజిషన్ అబౌవ్ రేట్ 65 నుంచి 52. ఇద్దరూ కనిపించినప్పుడు ఇప్పటికీ సగం సార్లు అతనే పైన. అయినా పైన చెప్పిన లెక్కే వేస్తే అతని మీద మన ఔట్‌ర్యాంకింగ్ షేర్ 33 నుంచి 54కి పెరిగింది. అతన్ని పెద్దగా దించలేదు, మనం లేని చోట్లకు వచ్చాం.

ఈ గుంపు నుంచి ఎంక్వైరీలు 18 ఉండేవి, 27 అయ్యాయి. మొత్తం మీద మాత్రం 37 నుంచి 34కి తగ్గాయి. ఖర్చు 15,000 నుంచి 12,600. ఒక్కో ఎంక్వైరీకి 370 పడుతోంది, పాత 250కి తిరిగి రాలేదు, వస్తుందని కూడా నేననుకోవడం లేదు. లోకల్ లేని రోజుల ధర అది. అమ్మకాలు 5 నుంచి 7. ఐదుకీ ఏడుకీ మధ్య తేడాను గెలుపని చెప్పలేను. ఎండాకాలం కరెంటు బిల్లులు మొదలైన నెల కూడా అదే. నేను నమ్మకంగా చెప్పగలిగింది, డబ్బు ఎటు పోతోందన్నది మారిందని.

ఇంకో విషయం. కొత్త నెల జాబితా తెరిస్తే పెద్ద కంపెనీ వాటా 46 నుంచి 19కి పడిపోయి కనిపించింది. “భయపడి తగ్గించినారు సార్” అన్నాడు ఓనరు. వాళ్లు ఏమీ చేయలేదు. వాళ్లు బలంగా ఉన్న వేలాల్లోంచి మనం బయటికి వచ్చేశాం కాబట్టి మన రిపోర్టులో వాళ్లు చిన్నగా కనిపిస్తున్నారు. కీవర్డ్‌లు మార్చిన నెలకూ అంతకు ముందు నెలకూ పోటీదారుల వాటాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పోల్చాలంటే రెండు నెలల్లోనూ ఉన్న కీవర్డ్‌లను మాత్రమే టిక్ చేసుకోవాలి.

ఇప్పుడు చూస్తున్నది

నెలకోసారి నేను మూడు చోట్లే చూస్తాను. అనంతపురం క్యాంపెయిన్లో బడ్జెట్ వల్ల పోయే వాటా 10 దాటితే రెండో క్యాంపెయిన్ నుంచి డబ్బు ఇటు జరుపుతాను. ర్యాంక్ వల్ల పోయేది 30 దాటితే మొదట మన యాడ్, పేజీ చూస్తాను, బిడ్ సంగతి ఆ తర్వాత. మూడు ఊళ్ల క్యాంపెయిన్ జాబితాలో లోకల్ పేరు వస్తే, అక్కడి నోట్‌బుక్ లెక్క చూసి నిలబడాలా వద్దా అని కొత్తగా ఆలోచించాలి. తాడిపత్రిలో నిలబడే అవకాశం ఎక్కువ, అక్కడ ఇప్పటికే బిగించిన ఇళ్లు ఉన్నాయి. గుంతకల్లులో వచ్చిన ఎంక్వైరీలు ఇంకా అమ్మకాలు కాలేదు, అక్కడికి లోకల్ వస్తే బహుశా తప్పుకుంటాం.

ఓనరు ఫోన్లో వెతకడం మాత్రం మానలేదు. పైన లోకల్ యాడ్ కనిపిస్తే స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. ఆ వారం ఊరి పేరు గుంపు ఇంప్రెషన్ షేర్ ఎంతో నేను తిరిగి పంపిస్తాను.